ఆ మొదటి అరగంట కాల్‌కి ఎవరూ ప్రిపేర్ కారు

2025 జనవరిలో నా పాత సహోద్యోగి ఒకతను రాత్రి పది దాటాక ఫోన్ చేశాడు. నాకంటే ఐదేళ్లు చిన్న. మంచి బ్యాకెండ్ ఇంజినీరు. ఐదు నెలలుగా రోజూ రెండేసి గంటలు కోడింగ్ ప్రశ్నలు, సిస్టమ్ డిజైన్ చదువుతున్నాడు. యూరప్‌లోని ఒక కంపెనీ అతని రెజ్యూమె చూసి, ముందుగా రిక్రూటర్‌తో అరగంట కాల్ పెట్టింది. ఆ కాల్ ఇరవై నిమిషాల్లోనే అయిపోయింది. మర్నాడే "ప్రస్తుతానికి వేరే అభ్యర్థులతో ముందుకు వెళ్తున్నాం" అని మెయిల్ వచ్చింది.

"అన్నా, టెక్నికల్ ప్రశ్న ఒక్కటి కూడా అడగలేదు. మరి ఏం చూసి వద్దన్నట్టు?" అన్నాడు. గొంతులో కోపం కంటే అయోమయమే ఎక్కువ వినిపించింది.

అడిగినవి అడిగినట్టు చెప్పమన్నాను. చేస్తున్న పని గురించి కాసేపు మాట్లాడాక రిక్రూటర్ మూడు ప్రశ్నలు వేసింది. మా టైమ్‌లో ఇంటర్వ్యూలకు మీకు ఎప్పుడు వీలవుతుంది? ఇక్కడ పనిచేయడానికి మీకు అనుమతి ఉందా, లేకపోతే ఏం కావాలి? మకాం మార్చడం గురించి ఏమనుకుంటున్నారు? మావాడి జవాబులు ఇవి: "ఎప్పుడైనా ఫర్వాలేదు." "వీసా సంగతి కంపెనీయే చూసుకుంటుంది కదా." "ఎక్కడికైనా రావడానికి రెడీ."

మర్యాదగా, వినయంగా చెప్పిన మాటలే. కానీ వాటిలో సమాచారం లేదు. నేను కొంతకాలంగా బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను, అంటే మా టీమ్‌కి మనుషుల్ని తీసుకునే మీటింగుల్లో ఉంటున్నాను. ఆ కాల్ అయ్యాక రిక్రూటర్ నాలుగు లైన్ల నోట్ రాస్తుంది. మేనేజర్ చదివేది ఆ నోటే. ఆయనకు కావలసింది ఒక్కటే: ఈ మనిషి ఏ తేదీన, ఏ అనుమతితో, ఏ ఊళ్లో పని మొదలుపెట్టగలడు? పై మూడూ నిజానికి ఈ ఒక్క ప్రశ్నకు మూడు ముక్కలు. "ఎక్కడికైనా రెడీ" అన్న జవాబుతో ఆ నోట్‌లో ఏ గడీ నిండదు. అదే స్థాయి ఉన్న ఇంకో అభ్యర్థికి ఆ గడులు నిండి ఉంటే, ఎవరిని ముందుకు పంపుతారో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే నా వాదన ఇది. విదేశీ కంపెనీకి అప్లై చేసేవాళ్లు సిస్టమ్ డిజైన్‌కి ఎంత పద్ధతిగా తయారవుతారో, ఈ అరగంటకూ అంతే పద్ధతిగా తయారవ్వాలి. "వీసా మాట ఆఫర్ చేతికి వచ్చేదాకా ఎత్తకు" అని సీనియర్లు ఇచ్చే సలహా ఉంది చూశారూ, అది తప్పని కూడా నేను గట్టిగా నమ్ముతున్నాను.

మావాడితో ఆ తర్వాత రెండు నెలలు కూర్చున్నాను. బెర్లిన్‌లోని ఇంకో కంపెనీ మార్చిలో కాల్ ఇచ్చింది. ఆ కాల్‌కి ఎలా తయారయ్యామో ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు టైమ్ సంగతి. ఇది చిన్న విషయమే, కానీ ఇందులో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక అమెరికా కంపెనీతో నాకు మార్చి నెలలో, సోమవారం పొద్దున తొమ్మిదికి, పసిఫిక్ టైమ్‌లో ఇంటర్వ్యూ. ముందు వారం వాళ్లతో మాట్లాడిన కాల్ మన టైమ్ ప్రకారం రాత్రి పదిన్నరకు జరిగింది. ఇదీ అంతే అనుకున్నాను. పదింపావుకి లాగిన్ అయ్యేసరికి అప్పటికే నలభై ఐదు నిమిషాలు ఆలస్యం. ముందు రోజు ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. వాళ్ల తొమ్మిది, మన తొమ్మిదిన్నర అయింది. ఇంటర్వ్యూ చేయాల్సినాయన అప్పటికే వెళ్లిపోయాడు. రెండో అవకాశం రాలేదు.

భారత కాలమానం ఏడాది పొడవునా మారదు. అవతలివాళ్లదే మారుతుంది, అదీ అందరికీ ఒకే రోజు మారదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. 2025లో అమెరికా మార్చి 9న మారింది, యూరప్ మార్చి 30న మారింది. మధ్యలో ఉన్న ఆ మూడు వారాల్లో, బెర్లిన్‌లో ఉన్న రిక్రూటర్, న్యూయార్క్‌లో ఉన్న ఇంటర్వ్యూయర్, ఇక్కడ మీరు, ముగ్గురూ పాత లెక్కే మనసులో పెట్టుకుంటే ముగ్గురూ తప్పే.

మావాడికి మొదటి కాల్ మార్చి 28 శుక్రవారం బెర్లిన్ టైమ్ పదింటికి. మన టైమ్‌లో మధ్యాహ్నం రెండున్నర. తర్వాతి రౌండు మార్చి 31 సోమవారం, అదే పదింటికి. ఇది మాత్రం మధ్యాహ్నం ఒకటిన్నర. లైనక్స్ మెషీన్ ఉన్నవాళ్లు నోటి లెక్క మాని ఇలా చూసుకోవచ్చు:

```
TZ="Asia/Kolkata" date -d 'TZ="Europe/Berlin" 2025-03-31 10:00'
```

లోపలి కోట్స్‌లో ఉన్నది వాళ్ల ఊరి టైమ్, బయట ఉన్నది మన టైమ్. ఇక్కడ ఊరి పేరు ఇవ్వడమే అసలు కిటుకు. మూడక్షరాల పేర్లను నమ్మకండి. IST అని డబ్లిన్ నుంచి వేసవిలో మెయిల్ వస్తే అది ఐర్లండ్ టైమ్ కావచ్చు, మనదానికీ దానికీ నాలుగున్నర గంటల తేడా. అమెరికన్లు జూలైలో కూడా అలవాటుగా EST అని రాస్తారు. నిజానికి అప్పుడు నడుస్తున్నది EDT, గంట తేడా. మెయిల్‌లో రాసిన టైమ్‌కీ, క్యాలెండర్ ఇన్విటేషన్‌లో కనిపించే టైమ్‌కీ పొంతన లేకపోతే ఊహించుకోకుండా ఒక లైను రాసి అడగాలి: "బెర్లిన్ టైమ్ పదింటికి, నాకు మధ్యాహ్నం ఒకటిన్నరకు అని అనుకుంటున్నాను, సరేనా?" ఇలా అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు. ఇలాంటి మెయిల్ వస్తే మా రిక్రూటర్లు సంతోషిస్తారు, ఎందుకంటే వాళ్లూ తరచూ తప్పు చేస్తారు.

"ఎప్పుడైనా ఓకే" అనే మాటను కూడా మార్పించాను. దాని బదులు ఇలా చెప్పమన్నాను: "మీ టైమ్‌లో పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర వరకు, మంగళ, బుధ, గురువారాలు నాకు బాగా కుదురుతాయి." వాళ్ల టైమ్‌లో చెబితే లెక్క వేసే పని వాళ్లకు తప్పుతుంది. అమెరికా పడమటి తీరం కంపెనీ అయితే ఇంకో చిక్కు ఉంటుంది. నాలుగైదు ఇంటర్వ్యూలు వరసగా ఒకే రోజు పెడతారు. వాళ్లకు పొద్దున పదింటికి మొదలైతే మనకు రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. మూడింటికి డిజైన్ బోర్డు ముందు ఎవరి బుర్రా పూర్తిగా పనిచేయదు. ఆ ఇంటర్వ్యూలను రెండు రోజులకు పంచమని అడగండి. సాధారణంగా ఒప్పుకుంటారు. భయపడి అడగకపోతే వాళ్లంతట వాళ్లకు తట్టదు.

ఇక అసలు విషయం, పని అనుమతి. ఇక్కడ తీరిగ్గా మాట్లాడాలి.

అప్లికేషన్ ఫారంలో, ముఖ్యంగా అమెరికా కంపెనీల ఫారంలో, రెండు ప్రశ్నలు వెంట వెంట ఉంటాయి. మొదటిది, ఈ దేశంలో పనిచేయడానికి మీకు చట్టప్రకారం అనుమతి ఉందా అని. రెండోది, ఇప్పుడు గానీ ముందు ముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ అవసరం అవుతుందా అని. ఒకటే ప్రశ్నను రెండుసార్లు అడిగినట్టు ఉంటుంది కానీ కాదు. మొదటిది ఈ రోజు సంగతి, రెండోది రేపటి సంగతి. అక్కడే చదువుకుని, చదువయ్యాక కొంతకాలానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద పనిచేస్తున్న మనిషికి మొదటిదానికి "అవును", రెండోదానికి కూడా "అవును". ఏ అనుమతీ లేకుండా బయటి దేశం నుంచి అప్లై చేసేవాళ్లకు మొదటిది "లేదు", రెండోది "అవును".

రెండోదానికి "అవును" అంటే సిస్టమే రెజ్యూమెను పక్కన పడేస్తుందని, "కాదు" అని టిక్ పెట్టేవాళ్లున్నారు. కొన్ని చోట్ల నిజంగానే పడేస్తుంది. కానీ "కాదు" అని పెట్టి ఐదు రౌండ్లు దాటాక ఆఫర్ దగ్గర నిజం బయటపడితే, ఆ ఆఫర్ నిలవదు. అబద్ధం చెప్పిన మనిషిగా రికార్డులో మిగిలిపోతారు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది, ఆ ఐదు రౌండ్ల కోసం వాళ్లు కోల్పోయిన నెలన్నర. స్పాన్సర్ చేయని కంపెనీ మొదటి రోజే "వద్దు" అనడం మనకు మేలు.

ఆ "వద్దు" రాకముందే తెలుసుకునే దారి కొన్ని దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా ఇప్పించాలంటే కంపెనీకి స్పాన్సర్ లైసెన్సు ఉండాలి, ఆ కంపెనీల జాబితాను ప్రభుత్వం అందరికీ కనిపించేలా పెడుతుంది. నెదర్లాండ్స్‌లోనూ అంతే, ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన స్పాన్సర్ల రిజిస్టర్ వెబ్‌లో వెతుక్కోవచ్చు. అప్లై చేసే ముందు అందులో కంపెనీ పేరు ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. అయితే గ్రూపు పేరుతో కాకుండా, ఉద్యోగ ఒప్పందం ఏ పేరు మీద ఇస్తారో ఆ సంస్థ పేరుతో వెతకాలి. అమెరికా పద్ధతి పూర్తిగా వేరు. హెచ్-1బి వీసాల సాధారణ కోటా ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. రిజిస్ట్రేషన్ మార్చిలో, ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరు 1 నుంచి. దానికి తోడు 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు షరతు పెట్టారు. అందుకే బయటి నుంచి నేరుగా అమెరికా ఉద్యోగానికి వెళ్లడం ఎంత కష్టమో లెక్కేసుకున్నాకే ఆ కంపెనీలకు టైమ్ పెట్టమంటాను. వాళ్ల యూరప్ లేదా కెనడా ఆఫీసుకి అప్లై చేయడం చాలాసార్లు దగ్గరి దారి.

జర్మనీకి అలాంటి కోటా లేదు, లాటరీ లేదు, స్పాన్సర్ లైసెన్సు కూడా లేదు. మనిషి అర్హత, ఉద్యోగం, జీతం, ఈ మూడూ సరిపోతే ఈయూ బ్లూ కార్డ్ అనే పని అనుమతి వస్తుంది. అందుకే మావాడి కేసులో జవాబు ముందే రాసిపెట్టుకోగలిగాం.

మొదట డిగ్రీ. జర్మనీలో విదేశీ డిగ్రీల విలువ చూసే డేటాబేస్ పేరు anabin. అందులో రెండు చూడాలి: విశ్వవిద్యాలయానికి, అక్కడ గుర్తింపు ఉందని చూపే H+ అనే గుర్తు ఉందా, మన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని నమోదై ఉందా. మావాడు కాలేజీ పేరుతో వెతికి, దొరకలేదని కంగారుపడ్డాడు. డిగ్రీ ఇచ్చింది కాలేజీ కాదు, విశ్వవిద్యాలయం. సర్టిఫికెట్ మీద ఉన్న విశ్వవిద్యాలయం పేరుతో వెతికితే దొరికింది, H+ ఉంది. రెండు పేజీలూ ప్రింట్ తీసి దాచమన్నాను. దొరక్కపోతే ZAB అనే సంస్థ నుంచి డిగ్రీ సమానత పత్రం తెచ్చుకోవాలి, దానికి టైమ్ పడుతుంది కాబట్టి ఇంటర్వ్యూల కంటే ముందే మొదలుపెట్టాలి. ఐటీ వాళ్లకు ఇంకో దారి ఉంది. డిగ్రీ లేకపోయినా, గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు తగిన స్థాయిలో పనిచేసిన అనుభవం చూపిస్తే బ్లూ కార్డ్‌కి అర్హత ఉంటుంది.

తర్వాత జీతం. బ్లూ కార్డ్‌కి కనీస వార్షిక జీతం ప్రతి జనవరిలో మారుతుంది. 2025లో అది 48,300 యూరోలు. ఐటీతో సహా కొరత ఉన్న వృత్తులకు 43,759.80. 2026కి ఇవి 50,700, 45,934.20 అయ్యాయి. ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటుంది. పెద్ద అంకె దాటితే జర్మనీ ఉపాధి శాఖ ఆమోదం అక్కర్లేదు. చిన్న అంకెకూ పెద్ద అంకెకూ మధ్య ఉంటే ఆ ఆమోదం కావాలి, అంటే ఇంకో ఆఫీసు, ఇంకొన్ని రోజులు. జీతం అడిగినప్పుడు "మీ ఇష్టం" అనేవాళ్లు ఈ గీత దగ్గర తమకు తెలియకుండానే నష్టపోతారు. మావాడు మార్కెట్ చూసుకుని అడగదలచుకున్న మొత్తం దీనికంటే చాలా పైనే ఉంది కాబట్టి మాకు ఆ చింత లేకపోయింది.

మూడోది టైమ్. మావాడికి నోటీసు పీరియడ్ మూడు నెలలు. వీసా చేతికి రాకుండా రాజీనామా చేయొద్దని అందరూ చెబుతారు, నేనూ మొదట అదే చెప్పాను. కానీ కాగితం మీద గీసి చూస్తే, సంతకం తర్వాత వీసాకి రెండు మూడు నెలలు, ఆపైన నోటీసు మూడు నెలలు, మొత్తం ఐదారు నెలలు. మేనేజర్ ఆర్నెల్లు ఆగుతాడా? అక్కడ జర్మనీ చట్టంలో ఉన్న ఫాస్ట్ ట్రాక్ పద్ధతి పనికొచ్చింది. ఇందులో దరఖాస్తు పెట్టేది కంపెనీ, మనిషి కాదు. మనం రాసిచ్చిన అధికార పత్రంతో కంపెనీ తన ఊళ్లోని విదేశీయుల కార్యాలయంలో 411 యూరోలు కట్టి మొదలుపెడుతుంది. పత్రాలన్నీ అక్కడే పరిశీలించి ముందస్తు ఆమోదం ఇస్తారు. అది చేతికి వచ్చాక రాయబార కార్యాలయం మూడు వారాల్లోపు అపాయింట్‌మెంట్ ఇవ్వాలి, పూర్తి దరఖాస్తు అందాక ఇంకో మూడు వారాల్లో మామూలుగా నిర్ణయం చెబుతుంది. అంటే ముందస్తు ఆమోదం వచ్చిన రోజున రాజీనామా పెడితే, మిగిలిన ఆరు వారాలూ నోటీసు పీరియడ్ లోపలే ఇమిడిపోతాయి. ముందస్తు ఆమోదం అంటే వీసా కాదు, చివరి మాట రాయబార కార్యాలయానిదే. ఆ కొంచెం రిస్కు తీసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. మావాడు ఇంట్లో మాట్లాడుకుని తీసుకుంటానన్నాడు.

ఈ లెక్కంతా అయ్యాక జవాబు నాలుగు వాక్యాలకు కుదిరింది: "నాకు ఇప్పుడు జర్మనీలో పని అనుమతి లేదు, ఈయూ బ్లూ కార్డ్ కావాలి. నా విశ్వవిద్యాలయం, డిగ్రీ anabin‌లో ఉన్నాయి, ప్రింట్లు పంపగలను. ఫాస్ట్ ట్రాక్ పద్ధతిలో వెళ్తే మీ వైపు నుంచి కావలసింది ఒప్పందం, ఉద్యోగ వివరాల ఫారం, అక్కడి కార్యాలయంలో దరఖాస్తు. నా నోటీసు మూడు నెలలు, ముందస్తు ఆమోదం రాగానే అది మొదలుపెడతాను, కాబట్టి ఒప్పందం అయ్యాక నాలుగు నుంచి ఐదు నెలల్లో చేరగలను."

దీన్ని బట్టీ పట్టొద్దని చెప్పాను. ఒక్కొక్క వాక్యం వెనక ఉన్న కారణం తెలిస్తే ఎదురు ప్రశ్న వచ్చినా తడబడరు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. చట్టం తెలిసిన లాయరులా అరగంట పాఠం చెప్పకూడదు. పెద్ద కంపెనీల్లో దీనికి ప్రత్యేకంగా మనుషులుంటారు, వాళ్లు తమ పద్ధతిలోనే చేస్తారు. మన నాలుగు వాక్యాలు ముఖ్యంగా ఉపయోగపడేది చిన్న కంపెనీలకు. బయటి నుంచి మనిషిని ఎప్పుడూ తెచ్చుకోని చోట, "ఇదేదో పెద్ద తలనొప్పి" అనే భయమే మన అప్లికేషన్‌ను ఆపేస్తుంది. ఆ భయాన్ని తగ్గించేది మన స్పష్టతే.

పత్రాల గురించి ఒక్క మాట. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీ మీద పొడి అక్షరం ఉన్నవాళ్లు ఆ తేడాను ఆఫర్ రాకముందే సరిచేసుకోవడమో, ఇద్దరూ ఒకరేనన్న ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవడమో చేయండి. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకుని అసలు డిగ్రీ సర్టిఫికెట్ తీసుకోనివాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి.

మార్చి 28 కాల్‌లో రిక్రూటర్ ఆ నాలుగు వాక్యాలూ విని, "కొంచెం నెమ్మదిగా చెప్పండి, రాసుకుంటున్నాను" అందట. మావాడు ఈ మాట చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

అయితే ఆమె వెంటనే ఇంకోటి అడిగింది: "వీసా వచ్చేదాకా మీ దేశం నుంచే రిమోట్‌గా మొదలుపెట్టగలరా?" మన వాళ్లు దీనికి కళ్లు మూసుకుని అవునంటారు. ఆగండి. ఆ నెలల్లో మీ ఒప్పందం ఎవరితో? కంపెనీకి ఇక్కడ సంస్థ ఉందా, లేక మూడో సంస్థ ద్వారా జీతం ఇస్తారా, లేక మిమ్మల్ని కాంట్రాక్టరుగా చూపిస్తారా? ఒక్కోదానికి పన్ను, పీఎఫ్, సెలవులు వేరు. పైగా పాత ఉద్యోగంలో నోటీసులో ఉండగా రెండో చోట పనిచేయడం ఒప్పందానికి విరుద్ధం కావచ్చు. మావాడు, "నోటీసు అయ్యేదాకా చేయలేను. ఆ తర్వాత అయితే ఏ సంస్థ పేరు మీద ఒప్పందం ఇస్తారో తెలిశాక చెబుతాను" అన్నాడు. ఆమె సరేనంది. నిజానికి వాళ్ల లీగల్ టీమే తర్వాత వద్దంది.

రిలొకేషన్ మాట దగ్గర ఎదుటివాళ్ల మనసులో ఒక భయం ఉంటుంది. ఖర్చు పెట్టి తెచ్చుకుంటాం, మూడు నెలలకే వెనక్కి వెళ్లిపోతే? "మకాం మార్చడం గురించి ఏమనుకుంటున్నారు" అన్న ప్రశ్నకు వాళ్లు వినాలనుకునేది ఊరి మీద ప్రేమ గురించి కాదు. ఇంట్లో మాట్లాడారా, చలికాలం సంగతి, భాష సంగతి ఆలోచించారా అని. మావాడి భార్య కూడా ఉద్యోగం చేస్తోంది. ఆమెతో మొదటి కాల్‌కి ముందే మాట్లాడమన్నాను, ఆఫర్ వచ్చాక కాదు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వచ్చాక ఏ ఉద్యోగమైనా చేయొచ్చు. ఈ రెండూ తెలిశాక వాళ్లింట్లో చర్చే మారిపోయింది. తనకూ మావాడికీ మధ్య వారం పాటు నలిగిన విషయం అది.

కానీ మొదటి కాల్‌లోనే పెళ్లి, పిల్లల వివరాలు మనంతట మనం చెప్పనక్కర్లేదు. ఎంపికకు దానితో సంబంధం లేదు. ఎన్ని టికెట్లు, ఎంత ఇల్లు అన్న లెక్క వచ్చేది ఆఫర్ దగ్గర, అప్పుడు చెప్పాలి. మొదటి కాల్‌కి "ఇంట్లో మాట్లాడుకున్నాం, బెర్లిన్‌కి రావడానికి సిద్ధంగా ఉన్నాం, జర్మన్ మొదలుపెట్టాను" అంటే చాలు. చివరి ముక్క నిజమైతేనే అనాలి సుమా. అందుకు ఇంకో లాభం కూడా ఉంది. బ్లూ కార్డ్ మీద శాశ్వత నివాసానికి మామూలుగా 27 నెలలు పడితే, బి1 స్థాయి జర్మన్ ఉంటే 21 నెలలే.

ఏప్రిల్‌లో ఆఫర్ వచ్చింది. రిలొకేషన్ కింద ఒక మొత్తం ఇస్తామని రాశారు. నేను అతన్ని మూడు అడగమన్నాను. ఆ మొత్తం చేతికి వచ్చేది పన్ను ముందా, పన్ను పోయాకా? ముందే ఇస్తారా, లేక బిల్లులు చూపించాక వెనక్కి ఇస్తారా? ఉద్యోగం మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా? మూడోదాన్ని చాలామంది సంతకం ముందు చదవరు. మావాడి ఒప్పందంలో పన్నెండు నెలల్లోపు మానేస్తే మొత్తం తిరిగి ఇవ్వాలని ఉంది. ఏడాది మొత్తానికి ఒకే రేటు కాకుండా, పనిచేసిన నెలలను బట్టి తగ్గేలా మార్చమని, కంపెనీ తీసేస్తే వర్తించకూడదని అడిగాడు. రెండూ ఒప్పుకున్నారు. మొదటి ఆర్నెల్లూ ప్రొబేషన్‌లో ఎవరైనా రెండు వారాల నోటీసుతో విడిపోవచ్చు కాబట్టి ఆ రెండో షరతు లేకపోతే ప్రమాదమే.

ఇక వాళ్లు ఆరు వారాలు ఉండటానికి తాత్కాలిక ఇల్లు ఇస్తామన్నారు. మావాడు ఫోటోలు చూసి సంబరపడ్డాడు. నేను ఒక ప్రశ్న రాసి పంపమన్నాను: "ఆ చిరునామాలో నివాస నమోదు చేసుకోవచ్చా?" జర్మనీలో ఇంట్లోకి దిగిన రెండు వారాల్లో ఆ చిరునామాను నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటివాళ్లు రాసిచ్చే ధ్రువపత్రం కావాలి. చాలా తాత్కాలిక ఇళ్లలో అది ఇవ్వరు. అది లేకపోతే పన్ను నంబరు రాదు, అది ఆలస్యమైతే జీతంలో ఎక్కువ పన్ను పట్టుకునే అవకాశం ఉంది. బ్యాంకు ఖాతా, బ్లూ కార్డ్ పని కూడా దాని వెనకే వరసలో నిలబడతాయి.

రిక్రూటర్ రెండు రోజులు తీసుకుని జవాబిచ్చింది. చూపించిన ఇంట్లో నమోదు కుదరదని, ఇదే అద్దెకు నమోదు కుదిరే ఇల్లు ఇంకోటి చూశామని, అది ఆఫీసుకి నలభై నిమిషాల దూరమని, ఫర్వాలేదా అని. మావాడు ఆ మెయిల్ నాకు పంపి, "అన్నా, నలభై నిమిషాలు ఎక్కువా?" అని అడిగాడు. ఒప్పేసుకోమన్నాను.